ఎజెండా లేని మీటింగ్‌కి రానని చెప్పాలంటే బదులుగా ఏం ఇవ్వాలి? ఏ సందర్భానికి ఏది నప్పుతుంది?

సోమవారం ఉదయం 11 గంటలకు ఒక ఇన్వైట్ వస్తుంది. గురువారం మధ్యాహ్నం 3 నుంచి 4 దాకా, ఎనిమిది మంది, పేరు "మైగ్రేషన్ డిస్కషన్". తెరిచి చూస్తే వీడియో కాల్ లింకు తప్ప ఒక్క ముక్క ఉండదు. ఇలాంటప్పుడు కొందరు చూసీ చూడనట్టు వదిలేస్తారు, కొందరు విసుక్కుంటూనే ఒప్పుకుని గంటసేపు కూర్చుంటారు, ఇంకొందరు "ఆ టైముకి వేరే పని ఉందండీ" అని తప్పించుకుంటారు. ఈ మూడింట్లో ఏదీ పిలిచినవాళ్లకు అక్కరకు రాదు. చివరిది మరీ దండగ. పని ఉందంటే మీటింగ్‌ని శుక్రవారానికి జరుపుతారు, అంతే. ఎజెండా అప్పటికీ ఉండదు, తప్పించుకోవడానికి సాకు మాత్రం అయిపోతుంది.

పనికొచ్చే దారి వేరే ఉంది. ఆ మీటింగ్‌తో వాళ్లు ఏం సాధించాలనుకుంటున్నారో కనుక్కుని, అది మీటింగ్ లేకుండానే వాళ్లకు అందేలా చూసి, ఆ తర్వాత రానని చెప్పడం. బదులుగా ఇవ్వదగినవి ప్రధానంగా నాలుగు: రాతపూర్వక జవాబు, అందరూ వ్యాఖ్యలు రాసే షేర్డ్ డాక్యుమెంట్, ఇద్దరు ముగ్గురితో పదిహేను నిమిషాల కాల్, మీ బదులు మరొకరు. వీటిలో ఏది ఎంచుకోవాలన్నది మీ తీరికను బట్టి కాదు, పిలిచినవాళ్ల అవసరాన్ని బట్టి ఉంటుంది. తప్పుడు ఎంపిక చేస్తే అదే మీటింగ్ వారం తర్వాత మళ్లీ వస్తుంది, ఈసారి పన్నెండు మందితో.

## ముందు ఒక్క ప్రశ్న

"ఎజెండా పంపగలరా?" అని అడగడం సహజం. కానీ దానికి వచ్చే జవాబు చాలాసార్లు ఇలా ఉంటుంది: "1. ప్రస్తుత పరిస్థితి 2. సమస్యలు 3. తర్వాతి పనులు". ఏ మీటింగ్‌కైనా అతికే జాబితా అది. అడిగాం, ఇచ్చారు, మనకు కొత్తగా తెలిసిందేమీ లేదు. పైగా అడిగింది ఇచ్చాక రానంటే బాగోదు.

బదులుగా ఇలా అడగండి: "మీటింగ్ అయ్యేసరికి ఏం తేలాలని అనుకుంటున్నారు?" ఈ ప్రశ్నకు జాబితాతో జవాబివ్వడం కష్టం. పిలిచినవాళ్లు ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సి వస్తుంది. జవాబు సాధారణంగా నాలుగు రకాల్లో ఒకటిగా ఉంటుంది. ఒక సమాచారం కావాలి, ఒక నిర్ణయం తేలాలి, పలువురి అభిప్రాయాలు కావాలి, లేదా విషయం వాళ్లకే ఇంకా స్పష్టంగా లేదు. నాలుగోది వస్తే చిరాకు పడకండి. అది నిజాయితీగల జవాబు, దానికి తగిన మార్గం కూడా ఉంది.

ఖాళీ ఇన్వైట్ వెనక నిర్లక్ష్యమే ఉంటుందని అనుకోనక్కర్లేదు. క్యాలెండర్ ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి ఇన్వైట్లు ఇచ్చిపుచ్చుకోవడానికి వాడే iCalendar ప్రమాణంలో, అంటే 2009 నాటి RFC 5545లో, `DESCRIPTION` అనేది ఉంటే ఉండొచ్చు, లేకపోతే లేదు. ఎజెండాకంటూ విడిగా గడి అసలే లేదు. తేదీ, టైము, మనుషులు పెట్టగానే పంపేయొచ్చు. తొందరలో ఉన్న మనిషి అదే చేస్తాడు. అందుకే మొదటి ప్రశ్నలో నింద ధ్వనించకూడదు.

ప్రశ్న అడిగే ముందు రెండు నిమిషాలు ఇన్వైట్‌ని పరిశీలించండి. ఎవరెవరిని పిలిచారన్నదే సగం ఎజెండా చెబుతుంది. సాంకేతిక విషయానికి ఫైనాన్స్ మనిషిని పిలిచారంటే డబ్బు లెక్కో, నెలాఖరు లెక్కల ముగింపో అందులో ఉంది. మీ పేరు తప్పనిసరి జాబితాలో ఉందా, ఐచ్ఛికంగా ఉందా అన్నది కూడా చూడండి. ఐచ్ఛికమైతే ఇంత తతంగం అవసరం లేదు, రెండు వాక్యాల మర్యాదతో రానని చెప్పేయొచ్చు. ఇన్వైట్‌కి ముందు అదే విషయం మీద మెయిళ్లు నడిచాయేమో వెతకండి. మీటింగ్ ఉద్దేశం ఆఖరి మెయిల్లో ఉండి, ఇన్వైట్లోకి ఎక్కకపోవడం తరచూ జరిగేదే.

అడగడం పిలిచినవారికి నేరుగా, చాట్‌లో. అందరికీ వెళ్లే రిప్లైలో అడిగితే మామూలు ప్రశ్న కూడా నలుగురిలో నిలదీసినట్టు కనిపిస్తుంది. ఇన్వైట్ వచ్చిన రోజే అడగడం మంచిది. మీటింగ్ రేపనగా అడిగితే ప్రత్యామ్నాయం సిద్ధం చేసే వ్యవధి మీకూ ఉండదు, ఆలోచించే వ్యవధి వాళ్లకూ ఉండదు. ఈలోగా ఇన్వైట్‌ని అలా వదిలేయకుండా Outlookలో అయితే Tentative, Google Calendarలో అయితే Maybe నొక్కి ఉంచండి. అలా చేస్తే చూశారని తెలుస్తుంది, వస్తామని మాటిచ్చినట్టూ కాదు.

## సమాచారం కావాలంటే: రాసి పంపండి

వాళ్లకు కావలసింది మీ దగ్గర ఉన్న సమాచారమే అయితే రాతపూర్వక జవాబును మించింది లేదు. మీరు గంటలో చెప్పేది వాళ్లు రెండు నిమిషాల్లో చదువుకుంటారు, మూడు నెలల తర్వాత మళ్లీ వెతుక్కోగలుగుతారు. కానీ అది జవాబులా ఉండాలి. మొదటి వాక్యంలోనే అడిగినదానికి సమాధానం రావాలి. ఆ వెంటనే ఆ అంకెలు ఏ రోజువో, ఎప్పటిదాకా చెల్లుతాయో రాయాలి. మీకు తెలియనిది ఏదైనా ఉంటే అది ఎవరిని అడగాలో పేరుతో సహా చెప్పాలి. చివరిది చాలామంది వదిలేస్తారు. అందువల్లే "ఇంకా కొన్ని సందేహాలు ఉన్నాయి, కలుద్దాం" అన్న జవాబు తిరిగొస్తుంది.

ఇక్కడ పొరపాటు రెండు చోట్ల జరుగుతుంది. ఒకటి, జవాబుని పిలిచినవారికి మాత్రమే చాట్‌లో పంపడం. మిగతా ఆరుగురికి అది చేరదు కాబట్టి మీటింగ్ యథాతథంగా జరుగుతుంది, అక్కడ ఎవరో ఒకరు మీ పేరు చెప్పి "ఆయన్నే అడగాలి" అంటారు. జవాబు ఇన్వైట్లో ఉన్నవాళ్లందరికీ వెళ్లాలి. రెండోది, నిడివి. రాస్తూ రాస్తూ ఒక పేజీ దాటిందంటే, లేదా ప్రతి వాక్యంలో "ఒకవేళ అలా అయితే" అని రాయాల్సి వస్తోందంటే, అది సమాచారం కాదు, ఇంకా తేలని నిర్ణయం. అక్కడితో ఆపి తర్వాతి మార్గానికి వెళ్లండి.

## నిర్ణయం తేలాలంటే: ఒక పేజీ డాక్యుమెంట్, ఒక గడువు

ఎక్కువ మీటింగులు ఈ కోవలోకే వస్తాయి, ఎక్కువ ప్రత్యామ్నాయాలు విఫలమయ్యేదీ ఇక్కడే. "డాక్యుమెంట్ పెట్టాను, అందరూ అభిప్రాయాలు రాయండి" అంటే ఎవరూ రాయరు. బద్ధకం వల్ల కాదు. ఏం రాయాలో, ఎప్పటిలోగా రాయాలో, రాయకపోతే ఏమవుతుందో అందులో లేదు. ఈ మూడూ ఉంటేనే డాక్యుమెంట్ మీటింగ్ చేసే పని చేస్తుంది.

ప్రశ్నని అవును, కాదు స్థాయికి దించాలి. "తేదీ గురించి ఏమంటారు?" అనడం కంటే "7వ తేదీ శనివారానికి మీ వైపు నుంచి అడ్డంకి ఏదైనా ఉందా? ఉంటే ఏమిటి?" అన్నది చాలా మెరుగు. గడువు రోజుతో పాటు గంట కూడా చెప్పాలి. "బుధవారంలోగా" అంటే ఒకరికి ఉదయం, ఇంకొకరికి అర్ధరాత్రి. "బుధవారం సాయంత్రం 4 లోపు" అంటే అందరికీ ఒకటే.

ఇక మౌనం సంగతి. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే అని ముందే రాసుకోవడం పనిని బాగా వేగవంతం చేస్తుంది, కానీ అది అందరికీ వర్తించదు. ఎవరి అనుమతి లేకుండా పని ముందుకు వెళ్లకూడదో, ఎవరి మీద అదనపు భారం పడుతుందో, వాళ్ల దగ్గర మాత్రం "సరే" అని రాయించుకోవాలి. సెలవులో ఉన్న మనిషి మౌనం ఒప్పుకోలు కాదు. డబ్బు ఖర్చయ్యే విషయంలో ఎవరి మౌనమూ ఒప్పుకోలు కాదు. కాబట్టి డాక్యుమెంట్లోనే వేరుచేసి రాయండి: ఈ ఇద్దరి నుంచి స్పష్టమైన జవాబు కావాలి, మిగతావారు అభ్యంతరం ఉంటేనే రాస్తే చాలు.

డాక్యుమెంట్ పని చేయడం లేదని తెలుసుకునే గుర్తు ఒకటుంది. ఒకే పేరా పక్కన అదే ఇద్దరు మూడోసారి జవాబులు ఇచ్చుకుంటున్నారంటే అది ఇక రాతతో తేలదు. నాలుగో వ్యాఖ్య కోసం చూడకుండా ఆ ఇద్దరినీ కాల్‌లో కలపండి. మిగతా అందరినీ కాదు, ఆ ఇద్దరినే.

## పదిహేను నిమిషాల కాల్ ఎప్పుడు

ఇద్దరి మధ్య భేదాభిప్రాయం ఉన్నప్పుడు, లేదా పిలిచినవారికే విషయం స్పష్టంగా లేనప్పుడు ఇది సరైనది. "ఏం తేలాలో నాకూ పూర్తిగా తెలియదు, ఏదో తేడా కొడుతోంది" అన్న మనిషిని డాక్యుమెంట్ రాయమనడం అన్యాయం. వాళ్లతో ఒక్కరుగా పదిహేను నిమిషాలు మాట్లాడితే అసలు ప్రశ్న బయటికొస్తుంది. అప్పుడు ఎనిమిది మంది అవసరమా, ఇద్దరు చాలా అన్నది వాళ్లకే తెలుస్తుంది. ఎజెండా లేని మీటింగ్‌కి ఎజెండా పుట్టించే మార్గం ఇదే అనుకోవచ్చు.

అయితే క్యాలెండర్లో మామూలుగా అరగంటో గంటో దానంతటదే పడుతుంది. మార్చడం మరచిపోతే పదిహేను నిమిషాల మాట అరగంటకు సాగుతుంది. ముగింపు సమయం 3:15 అని మీ చేత్తో పెట్టి, పేరులోనే ప్రశ్న రాయండి: "9వ తేదీ సోమవారం సపోర్ట్ ఎవరు చూస్తారు?" ఆ పేరే ఎజెండా.

మీ బదులు మరొకరిని పంపడం గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. ఆ విషయం మీకంటే వాళ్లకు బాగా తెలిస్తేనే పంపండి. ముందు వాళ్లను అడగండి. నిర్ణయం తీసుకునే అధికారం వాళ్లకు ఉందో లేదో పిలిచినవారికి చెప్పండి. అధికారం లేని మనిషిని పంపితే "అడిగి చెప్తాను" అనడం తప్ప చేయగలిగింది లేదు. మీరు తప్పించుకున్న గంట వాళ్ల నెత్తిన పడుతుంది.

చూడ్డానికి మర్యాదగా ఉండి ఎందుకూ కొరగానిది ఒకటుంది: Propose new time. టైము కుదరకపోవడమే సమస్య అయితే అది చక్కగా పనికొస్తుంది. సమస్య ఉద్దేశం తెలియకపోవడం అయినప్పుడు కొత్త టైము అడిగారంటే, ఉద్దేశం తెలియకుండానే వస్తానని ఒప్పుకున్నట్టే.

## ఒక ఇన్వైట్ మొదటి నుంచి చివరిదాకా

పైన చెప్పిన "మైగ్రేషన్ డిస్కషన్" ఇన్వైట్‌నే తీసుకుందాం. పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి డేటా తరలించాలి. పిలిచింది ప్రాజెక్ట్ లీడ్. జాబితాలో ఇద్దరు డెవలపర్లు, ఒక టెస్టర్, సపోర్ట్ నుంచి ఇద్దరు, ఫైనాన్స్ నుంచి ఒకరు, డేటాబేస్ చూసే మీరు. లీడ్‌తో కలిపి ఎనిమిది మంది. సోమవారం 12వ తేదీ, మీటింగ్ గురువారం 15న.

ఫైనాన్స్, సపోర్ట్ ఇద్దరూ ఉన్నారంటే అది తేదీ గొడవేనని ఊహించొచ్చు. అయినా ఊహ మీద నడవకుండా చాట్‌లో అడగాలి:

"నమస్తే అండీ, గురువారం ఇన్వైట్ చూశాను. మీటింగ్ అయ్యేసరికి ఏం తేలాలని అనుకుంటున్నారో చెప్తే, దానికి కావలసిన వివరాలు ముందే సిద్ధం చేసి పెడతాను."

ఇందులో రాననలేదు, ఎజెండా లేదని ఎత్తిచూపలేదు. సాయం చేస్తానన్న మాట ఉంది, అది నిజం కూడా. జవాబు వస్తుంది: "తరలింపు ఏ శనివారం పెట్టాలో తేలాలండీ. ఫైనాన్స్ వాళ్లు నెలాఖరు దగ్గర వద్దంటున్నారు, సపోర్ట్ వాళ్లు ఇంకేదో అంటున్నారు."

ఇది నిర్ణయం కోవలోది. శనివారాలు మూడున్నాయి: 24, 31, వచ్చే నెల 7. 31 నెలాఖరే కాబట్టి దాన్ని తీసేయొచ్చు. మిగిలింది రెండు తేదీల మధ్య ఎంపిక. ఎనిమిది మందిలో నిజంగా అవునో కాదో చెప్పాల్సింది ఫైనాన్స్, సపోర్ట్. మీ దగ్గర ఉన్నది సమాచారం మాత్రమే: తరలింపుకి ఎన్ని గంటలు పడుతుంది, తేడా వస్తే వెనక్కి రావడానికి ఎన్ని గంటలు పడుతుంది. అంటే మీరు గంటసేపు అక్కడ కూర్చుంటే మాట్లాడేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు మాత్రం కీలకం. అది లేకపోతే మిగతావాళ్లు గాల్లో లెక్కలు వేసుకుంటారు.

ఇప్పుడు ప్రత్యామ్నాయం. ముందుగా డాక్యుమెంట్ తయారు చేసి, ఆ తర్వాతే మెసేజ్ పంపాలి. ఈ వరుస తారుమారు కాకూడదు. "డాక్యుమెంట్ పెడతాను, మీటింగ్‌కి రాను" అన్నది ఒక వాగ్దానం మాత్రమే. "డాక్యుమెంట్ ఇదిగో" అన్నది చేతికి అందిన వస్తువు. మెసేజ్ ఇలా ఉండొచ్చు:

"వివరాలు చెప్పినందుకు థాంక్స్ అండీ. రెండు తేదీల లెక్క ఒక పేజీలో పెట్టాను, లింకు కింద ఉంది. ఫైనాన్స్, సపోర్ట్ ఇద్దరూ బుధవారం సాయంత్రం 4 లోపు అందులో జవాబు రాస్తే తేదీ అక్కడే ఖాయమైపోతుంది. ఈ పద్ధతి మీకు సరేనంటే అందరికీ నేనే మెయిల్ పెడతాను. గురువారం 3 గంటల టైము అలాగే ఉంచండి. బుధవారానికి తేలకపోతే మీరు, వాళ్లిద్దరూ 3 నుంచి 3:15 దాకా కూర్చుంటే చాలు. నా అంకెలన్నీ పేజీలో ఉన్నాయి కాబట్టి మీటింగ్‌కి నేను రాను, కానీ ఆ పావుగంటా చాట్‌లో ఉంటాను. ఏదైనా అడగాల్సి వస్తే వెంటనే చెప్తాను."

ఇందులో గమనించాల్సింది గురువారం టైముని రద్దు చేయమనకపోవడం. మీటింగ్ మానేయమంటే పిలిచినవారికి భయం ఉంటుంది: ఇది కుదరకపోతే మళ్లీ ఎనిమిది మంది క్యాలెండర్లు ఎప్పుడు కలుస్తాయి? ఆ టైముని అలాగే ఉంచితే మీ పద్ధతిని ప్రయత్నించి చూడ్డంలో వాళ్లకు నష్టమేమీ ఉండదు. ఒప్పుకోవడం తేలికవుతుంది. రెండోది, అందరికీ మెయిల్ పెట్టే ముందు వాళ్ల అనుమతి అడగడం. మీటింగ్ వాళ్లది. అడగకుండా ఎనిమిది మందికి వేరే పద్ధతి ప్రకటిస్తే అది సాయంలా కాకుండా పెత్తనంలా కనిపిస్తుంది.

డాక్యుమెంట్లో ఏముండాలి? మొదటి వాక్యం: "బిల్లింగ్ డేటా తరలింపు 24వ తేదీన పెట్టాలా, 7వ తేదీన పెట్టాలా?" తర్వాత ఏ తేదీకైనా వర్తించే గంటల లెక్క. శనివారం రాత్రి 10కి మొదలు, కాపీకి 6 గంటలు, పాత కొత్త లెక్కలు సరిచూడటానికి 2 గంటలు. అంటే ఆదివారం ఉదయం 6కి ఫలితం తెలుస్తుంది. తేడా వస్తే వెనక్కి రావడానికి 3 గంటలు, ఉదయం 9కి పాత సాఫ్ట్‌వేర్ మళ్లీ నడుస్తుంది. ఈ అంకెలు ఏ రిహార్సల్లో వచ్చాయో, ఆ రోజు డేటా ఎంత ఉందో కూడా రాయాలి. అది లేకపోతే ఎవరో ఒకరు "నిజంగా ఆరు గంటలేనా?" అని అడగడానికే మీటింగ్ కోరతారు.

ఆ తర్వాత రెండు తేదీల మధ్య తేడా. 24న పెడితే, ముగింపు లెక్కలు 29న మొదలవుతాయి కాబట్టి, ఏదైనా పొరపాటు బయటపడితే సర్దుకోవడానికి మూడు పనిదినాలు ఉంటాయి. 7న పెడితే ఆ ఒత్తిడి ఉండదు, పాత సాఫ్ట్‌వేర్ మాత్రం ఇంకో రెండు వారాలు నడపాలి. చివర్లో ప్రశ్నలు. ఫైనాన్స్‌కి: "ఆ మూడు రోజులు మీకు సరిపోతాయా?" సపోర్ట్‌కి: "తరలింపు తర్వాతి సోమవారం కాల్స్ పెరుగుతాయి. ఏ తేదీకి మీ దగ్గర మనుషులు ఉన్నారు?" మిగతా నలుగురికి ఒకే వాక్యం: "అభ్యంతరం ఉంటే బుధవారం 4 లోపు రాయండి, రాయకపోతే మీకు రెండు తేదీలూ సరేననుకుంటాం." అంతే. ఒక పేజీ దాటకూడదు.

మంగళవారం ఫైనాన్స్ నుంచి జవాబు వస్తుంది: మూడు రోజులు చాలవు, 7 కావాలి. సపోర్ట్ నుంచి: 7 తర్వాతి సోమవారం, అంటే 9న, ఐదుగురిలో ఇద్దరు సెలవు, కాబట్టి 24 కావాలి. ఇది ఓటమిలా కనిపించొచ్చు కానీ కాదు. ఉదయానికి "తేదీ ఎప్పుడు?" అని ఉన్న ప్రశ్న సాయంత్రానికి "9వ తేదీన ఇద్దరి లోటు ఎలా తీర్చాలి?" అని మారింది. ఎనిమిది మంది గంటసేపు కూర్చుంటే మొదటి నలభై నిమిషాలు ఇక్కడికి రావడానికే పట్టేవి. గురువారం 3 గంటలకు ముగ్గురూ కూర్చుంటారు, ఆ ఒక్క ప్రశ్న మీద. 9న ఇద్దరు డెవలపర్లు కాల్స్ చూసేలా లీడ్ ఒప్పుకుంటే 7 ఖాయం. డెవలపర్లని ముందే చాట్‌లో అడిగి ఉంచితే పావుగంట కూడా పట్టదు. తేలిన మాట అదే డాక్యుమెంట్ పైన ఒక్క వాక్యంగా చేరుతుంది, తేదీతో, ఒప్పుకున్నవాళ్ల హోదాలతో.

సమయం లెక్క కూడా వేసి చూడండి. అసలు మీటింగ్ ఎనిమిది మందికి గంట చొప్పున మొత్తం 8 గంటలు. ప్రత్యామ్నాయంలో మీరు రాయడానికి 40 నిమిషాలు, ఏడుగురు చదివి జవాబివ్వడానికి పది నిమిషాల చొప్పున 70, ముగ్గురికి పావుగంట చొప్పున 45. కలిపితే 2 గంటల 35 నిమిషాలు. కానీ మీ వంతు పెద్దగా తగ్గలేదని గమనించండి. గంట బదులు నలభై నిమిషాలు మీకూ ఖర్చయ్యాయి. పనికొచ్చే ప్రత్యామ్నాయం ఇచ్చేవాళ్లకు ఉచితంగా రాదు. అంత తీరిక లేదనుకుంటే డాక్యుమెంట్ జోలికి వెళ్లకుండా మీ అంకెలు మాత్రం మెయిల్లో పంపండి. ఇంకో మాట: ఈ లెక్కని పిలిచినవారికి రాసి పంపకండి. "మీ మీటింగ్ వల్ల ఎనిమిది గంటలు వృథా" అనే అర్థం తప్ప మరొకటి వాళ్లకు వినపడదు.

## బటన్ నొక్కేటప్పుడు

లీడ్ సరేనన్నాకే Decline నొక్కాలి, అంతకు ముందు కాదు. బటన్ ముందు, మెసేజ్ తర్వాత అయితే ఆ మధ్య పది నిమిషాల్లో వాళ్లకు కనిపించేది తిరస్కరణ ఒక్కటే.

Outlookలో Decline నొక్కినప్పుడు జవాబుకి ఏదైనా రాసి పంపాలా, అలాగే పంపాలా, అసలు పంపకుండా ఉండాలా అని అడుగుతుంది. చివరిది, Do not send a response, ఎంచుకోకండి. మీ క్యాలెండర్లో మీటింగ్ పోతుంది, వాళ్లకు మాత్రం మెయిల్ అందదు, గురువారం మీ కోసం ఎదురు చూడొచ్చు. Google Calendarలో No అన్నప్పుడు చిన్న గమనిక జోడించొచ్చు. అతిథుల జాబితా చూడగలిగే మిగతావాళ్లు కూడా ఆ గమనికని చదవగలరు. కాబట్టి అక్కడ "నా వివరాలు డాక్యుమెంట్లో ఉన్నాయి, 3 గంటలకు చాట్‌లో ఉంటాను" అనేంతవరకే రాయండి. అసలు సంభాషణ చాట్‌లోనో మెయిల్లోనో జరగాలి. "Declined" అని మొదలయ్యే ఆటోమేటిక్ మెయిళ్లను చదవకుండా పక్కకు నెట్టేసేవాళ్లు చాలామంది, ప్రత్యామ్నాయాన్ని అందులో దాచిపెడితే అది ఎవరికీ కనపడదు.

ప్రతి వారం వచ్చే మీటింగ్ అయితే ఈ వారానికి మాత్రమే రానంటున్నారా, మొత్తానికేనా అన్నది బటన్ దగ్గర ఒకసారి సరిచూసుకోండి. ఒక్క వారం మానబోయి మొత్తం వరుస తీసేసుకుంటే, నెల తర్వాత మీరు నిజంగా వెళ్లాల్సిన రోజు క్యాలెండర్ మీకు గుర్తు చేయదు.

## రానని చెప్పకూడని ఇన్వైట్లు

కొన్నింటికి ఎజెండా లేకపోవడానికి కారణం ఉంటుంది. మీ పై అధికారి మీ ఒక్కరినే పిలిచారు, లేదా హెచ్‌ఆర్ నుంచి వచ్చింది, లేదా సహోద్యోగి "ఒక్క పది నిమిషాలు మాట్లాడాలి" అని పెట్టారు. అందులో రాతలో పెట్టలేని మాట ఉండొచ్చు. అక్కడ "ఏం తేలాలి?" అన్న ప్రశ్న కూడా గుచ్చుకుంటుంది. "నేను ఏమైనా సిద్ధం చేసుకుని రావాలా అండీ?" అని అడిగి వెళ్లండి. నడుస్తున్న వ్యవస్థ ఏదో ఆగిపోయి అరగంట ముందు పిలిచారంటే అసలు అడగనే వద్దు, వెళ్లండి. అక్కడ ఎజెండా ఏమిటో అందరికీ తెలుసు. బయటి క్లయింట్ పిలిచినప్పుడు కూడా రాననడం మీ ఒక్కరి నిర్ణయం కాదు, ఆ సంబంధం ఎవరు చూస్తున్నారో వాళ్లతో మాట్లాడాకే.

పై అధికారి ఎనిమిది మందిని పిలిచిన మీటింగ్ మాత్రం ఈ కోవలోకి రాదు. అక్కడ పైన చెప్పిన పద్ధతే, మాట తీరు కాస్త మారుతుంది. "నేను రాను" అనడం బదులు నిర్ణయం వాళ్లకే వదలండి: "సర్, నా వైపు అంకెలన్నీ ఈ పేజీలో ఉన్నాయి. ఇవి సరిపోతే గురువారం ఆ గంట టెస్టింగ్‌కి వాడుకుంటాను. నేను ఉండాలంటే తప్పకుండా వస్తాను." ఆ గంట దేనికి వాడతారో చెప్పడం ఇక్కడ ముఖ్యం. అదీ వాళ్లకు కావలసిన పనే అయితే ఒప్పుకోవడానికి ఇబ్బంది ఉండదు.

## "లేదు, మీరు రావాల్సిందే" అంటే

అప్పుడు వెళ్లండి, మొహం చిన్నబుచ్చుకోకుండా. మీరు రాసిన పేజీ ఎలాగూ ఉంది. మొదటి రెండు నిమిషాల్లో దాన్ని స్క్రీన్ మీద పెట్టమని అడిగి, "ఈ రెండు తేదీల్లో ఒకటి ఖాయం చేయడమే కదా ఈ రోజు పని?" అని అందరి ముందు ఒకసారి నిర్ధారించుకోండి. అవునంటే ఆ మీటింగ్‌కి ఎజెండా వచ్చినట్టే. కాదంటే అసలు విషయం అప్పటికప్పుడు బయటపడుతుంది. ఉదాహరణకు, తేదీ పేరుతో పిలిచారు కానీ తరలింపునే వాయిదా వేయాలని పైనుంచి ఒత్తిడి ఉందనుకోండి. అది డాక్యుమెంట్లో ఎవరూ రాయరు, మీరు అక్కడ ఉండాల్సిందే.

ఇక అడిగినా జవాబు రాకపోతే? సోమవారం అడిగారు, మంగళవారం సాయంత్రానికీ మౌనమే. మరోసారి గుర్తు చేసి, బుధవారం మధ్యాహ్నానికి మీకు తెలిసినంత మేరకు వివరాలు రాసి అందరికీ పంపండి. మెయిల్ చివర "గురువారం నా వైపు నుంచి ఇంకేదైనా కావాలంటే ఉదయం 11 లోపు చెప్పండి, వస్తాను. లేకపోతే చాట్‌లో ఉంటాను" అని చేర్చండి. గురువారం 11 దాకా ఏమీ రాకపోతే Decline నొక్కి, 3 నుంచి 4 దాకా చాట్ తెరిచే ఉంచండి. ఆ గంటలో ప్రశ్న వస్తే రెండు నిమిషాల్లో జవాబు వెళ్లాలి. అది వెళ్లకపోతే వచ్చే వారం ఇన్వైట్లో మీ పేరు తప్పనిసరి జాబితాలో మొదట ఉంటుంది, మీ డాక్యుమెంట్ లింకుని ఎవరూ తెరవరు.